గెలిచినా ఓడిన పందెం: అమెరికన్ ఫుట్‌బాల్ తెర మీది మూడు అంకెలు

2018 జనవరి 14, మినియాపొలిస్. ప్లేఆఫ్ ఆటలో ఇంకా 10 సెకన్లు మిగిలాయి. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ 24, మినెసోటా వైకింగ్స్ 23. వైకింగ్స్ క్వార్టర్‌బ్యాక్ కేస్ కీనమ్ విసిరిన బంతిని స్టెఫాన్ డిగ్స్ పక్కగీత దగ్గర ఎగిరి అందుకున్నాడు. అతన్ని ఆపాల్సిన ఆటగాడు గురి తప్పాడు. ముందు ఎవరూ లేరు. 61 గజాల టచ్‌డౌన్, గడియారం సున్నా, స్కోరు 29-24. స్టేడియం హోరెత్తిపోయింది.

కానీ అప్పటి నిబంధన ప్రకారం ఆట ఇంకా పూర్తికాలేదు. టచ్‌డౌన్ చేసిన జట్టు అదనపు పాయింటుకు ప్రయత్నం చేసి తీరాలి. ఫలితం ఎటూ మారదు కాబట్టి వైకింగ్స్ కిక్ కొట్టే శ్రమ కూడా తీసుకోలేదు. కీనమ్ బంతి అందుకుని మోకాలు కింద ఆనించాడు. అంతే, ఐదు పాయింట్ల తేడాతో గెలుపు.

ఆ ఆటకు స్ప్రెడ్, అంటే పందెం నెగ్గాలంటే గెలుస్తుందనుకున్న జట్టు దాటాల్సిన తేడా, వైకింగ్స్ మీద 5.5. ఒక్క కిక్ గోల్‌స్తంభాల మధ్య నుంచి వెళ్లి ఉంటే తేడా ఆరు అయ్యేది. వైకింగ్స్ వైపు స్ప్రెడ్ పందెం కాసినవాళ్లంతా గెలిచేవాళ్లు. జట్టు గెలిచింది, వాళ్లు ఓడిపోయారు. అదే జట్టు మీద మనీలైన్, అంటే తేడా పట్టని ఉత్త గెలుపు పందెం, కాసినవాళ్లు గెలిచారు. టోటల్‌లో ఓవర్, అంటే రెండు జట్ల పాయింట్లూ కలిపి ఒక అంకెను దాటుతాయని, కాసినవాళ్లు ఆ టచ్‌డౌన్‌తో నిశ్చింతగా డబ్బు తీసుకున్నారు.

అమెరికన్ ఫుట్‌బాల్ మొదటిసారి చూస్తున్నవాళ్లకు ఈ మూడు మాటలూ ఒకేదాన్ని మూడు రకాలుగా చెప్పినట్టు కనిపిస్తాయి. నిజానికి అవి వేరువేరు ప్రశ్నలు. ఎవరు గెలుస్తారు, ఎంత తేడాతో, ఇద్దరూ కలిసి ఎన్ని పాయింట్లు చేస్తారు. నా వాదన ఒకటే: వీటిలో మైదానంలో ఉన్నవాళ్లు ఆడేది మొదటి ప్రశ్న కోసమే. మిగిలిన రెండూ బయట కూర్చున్నవాళ్లవి. ఈ సంగతి పట్టుబడితే అంకెలు వాటంతట అవే అర్థమవుతాయి. పట్టుబడకపోతే కీనమ్ మోకాలు వేసినప్పుడు సగం అమెరికా ఎందుకు తల పట్టుకుందో ఎప్పటికీ తెలియదు.

ముందు స్కోరు సంగతి క్లుప్తంగా. బంతిని మైదానం చివరి పట్టీ అయిన ఎండ్ జోన్‌లోకి చేరిస్తే టచ్‌డౌన్, 6. ఆ తర్వాత కిక్ కొడితే 1, కిక్ బదులు మళ్లీ బంతిని ఎండ్ జోన్‌లోకి చేరిస్తే 2. టచ్‌డౌన్ దాకా వెళ్లలేక దూరం నుంచి కిక్ కొడితే ఫీల్డ్ గోల్, 3. అరుదుగా, బంతి ఉన్నవాడిని అతని సొంత ఎండ్ జోన్‌లోనే పడగొడితే సేఫ్టీ, 2. కాబట్టి స్కోరు ఎక్కువగా ఏడేసి, మూడేసి చొప్పున పెరుగుతుంది. ఈ సంగతి తర్వాత చాలా పనికొస్తుంది.

ఇక తెర మీద ఆట ఇలా కనిపిస్తుంది. 5.5 ఆ ఆటకు చివరన నిలిచిన స్ప్రెడ్. టోటల్ కూడా 47 చుట్టుపక్కలే ఉంది. మిగిలిన ధరలు ఆ స్థాయి ఆటకు మామూలుగా ఉండేవి, లెక్క చూపడం కోసం వేసుకున్నవి.

```
NO    +5.5 -110    +200    O 47 -110
MIN   -5.5 -110    -240    U 47 -110
```

పైన NO అంటే సెయింట్స్, కింద MIN అంటే సొంత మైదానంలో ఆడుతున్న వైకింగ్స్. మొదటి గడి స్ప్రెడ్, రెండోది మనీలైన్, మూడోది టోటల్. కొత్తవాళ్లు ఇక్కడ రెండు చోట్ల తడబడతారు. ఒకటి, `O 47` సెయింట్స్ వరసలో ఉంది కాబట్టి సెయింట్స్ 47 పాయింట్లు చేయాలనుకోవడం. ఆ గడికి ఆ వరసలోని జట్టుతో ఏ సంబంధమూ లేదు. ఓవర్ పైన, అండర్ కింద పెట్టడం చోటు కోసం చేసుకున్న ఏర్పాటు మాత్రమే. రెండు, `-5.5 -110` అని రెండు మైనస్‌లు పక్కపక్కన ఉండటం. మొదటిది పాయింట్లు, రెండోది డబ్బు. 5.5 మైదానంలో లెక్క, 110 జేబులో లెక్క. వీటిని కలిపి చదివితే ఏదీ అర్థం కాదు.

మనీలైన్‌తో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. చాలామంది స్ప్రెడ్‌తో మొదలుపెట్టి చెబుతారు, అమెరికాలో ఫుట్‌బాల్ మాటల్లో ఎక్కువగా నలిగేది అదే కాబట్టి. కానీ ఆటగాళ్లు ఆడేది మనీలైన్ కోసమే గనుక ఆట చూడటానికి వచ్చినవాళ్లకు అదే సరైన గుమ్మం.

మనీలైన్‌లో పాయింట్ల తేడా పట్టదు. ఒక్క పాయింటుతో గెలిచినా గెలుపే. అయితే గెలిచే అవకాశం ఎక్కువున్న జట్టుకూ తక్కువున్న జట్టుకూ ఒకే ధర ఇస్తే అందరూ మొదటిదాని మీదే కాస్తారు. అందుకే ధరలో తేడా. మైనస్ గుర్తు ఉంటే, 100 డాలర్ల లాభానికి ఎంత పెట్టాలో ఆ అంకె చెబుతుంది. వైకింగ్స్ -240 అంటే 240 పెడితే, గెలిచినప్పుడు 100 లాభం. పెట్టిన 240 కూడా కలిపి 340 చేతికొస్తుంది. ప్లస్ గుర్తు ఉంటే, 100 పెడితే ఎంత లాభమో చెబుతుంది. సెయింట్స్ +200 అంటే 100 పెడితే 200 లాభం. వందే పెట్టాలని ఏమీ లేదు, 12 డాలర్లు పెట్టినా ఇదే నిష్పత్తి. వంద అనేది కొలబద్ద మాత్రమే.

ఈ అంకెలో బయటికి కనిపించని ఇంకొక సంగతి ఉంది. 240ని 340తో భాగిస్తే 70.6 శాతం వస్తుంది. అంటే ఇలాంటి ధరకు కాసేవాళ్లు పదింట ఏడుసార్లకు పైగా గెలిస్తేనే పెట్టిన డబ్బుకు పెట్టినంతైనా మిగులుతుంది. రెండో వైపు 100ని 300తో భాగిస్తే 33.3 శాతం. రెండూ కలిపితే 103.9. ఒక ఆటలో గెలుపు అవకాశాలు వందకు మించవు కదా, ఆ పైన ఉన్న దాదాపు 4 శాతం పందేలు కట్టించుకునే బుక్‌మేకర్ కోత. దాన్ని తీసేసి చూస్తే వైకింగ్స్ గెలుపు అవకాశం సుమారు 68 శాతమని ఈ ధరలు చెబుతున్నట్టు. పందెంతో పనిలేనివాళ్లకు కూడా ఇది ఉపయోగపడే లెక్క. పరిచయం లేని రెండు జట్లు ఆడుతుంటే, ఎవరిది పైచేయి, ఎంత మేరకు అనేది వ్యాఖ్యాతల హడావుడి కంటే ఈ భాగహారమే సూటిగా చెబుతుంది.

-240 చూసి, "వైకింగ్స్ ఎలాగూ గెలుస్తారు, ఇది సులువైన డబ్బు" అనుకోవడం కొత్తవాళ్ల మొదటి పొరపాటు. మూడింట ఒకసారి ఓడిపోయే జట్టు మీద, లాభం కంటే రెండున్నర రెట్ల డబ్బు పణంగా పెడుతున్నారు. ఒక్క ఓటమి రెండు గెలుపుల లాభాన్నీ మింగి ఇంకా 40 అడుగుతుంది.

ఆట సమమైతే ఏమిటి? ప్లేఆఫ్స్‌లో సమం అనేది లేదు, తేలేదాకా ఆడతారు. కానీ మామూలు సీజన్ ఆటలో అదనపు సమయం 10 నిమిషాలే, అది అయ్యాక సమంగా ముగియవచ్చు. 2025 సెప్టెంబర్ 28న డాలస్ కౌబాయ్స్, గ్రీన్ బే ప్యాకర్స్ 40-40తో అలాగే ముగించారు. రెండే పక్షాలున్న మనీలైన్‌లో అప్పుడు ఇరువైపులా డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు. కానీ స్ప్రెడ్‌లో తీర్పు వచ్చింది: ప్యాకర్స్ ఫేవరెట్, అంటే గెలుస్తుందనుకున్న జట్టు, తేడా సున్నా, కాబట్టి వాళ్లు స్ప్రెడ్ దాటలేదు. ఒకే ఆట ఒక ప్రశ్నకు జవాబు చెప్పకుండానే ఇంకో ప్రశ్నకు చెప్పింది.

స్ప్రెడ్‌కు వద్దాం. మనీలైన్ డబ్బుతో చేసే సర్దుబాటును స్ప్రెడ్ పాయింట్లతో చేస్తుంది. ఫేవరెట్ స్కోరులోంచి 5.5 తీసేసి చూడండి. వైకింగ్స్ 29 లోంచి 5.5 పోతే 23.5, సెయింట్స్ 24. కాబట్టి స్ప్రెడ్ ప్రకారం గెలిచింది సెయింట్స్. వైకింగ్స్ మీద కాసినవాళ్లకు ఆరు, ఆ పైన తేడా కావాలి. సెయింట్స్ మీద కాసినవాళ్లకు, సెయింట్స్ గెలిచినా సరే, ఐదు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడినా సరే. గెలుపు ఓటములతో పనిలేకుండా తేడాను దాటడాన్నే కవర్ చేయడం అంటారు.

అర పాయింటు ఎందుకు? మైదానంలో అర పాయింటు లేదు కాబట్టి ఎటో ఒకవైపు తీర్పు రావాలని. స్ప్రెడ్ పూర్తి అంకె అయితే, ఉదాహరణకు 3 అయి తేడా కూడా సరిగ్గా మూడే వస్తే, దాన్ని పుష్ అంటారు. ఎవరి డబ్బు వాళ్లకు తిరిగి వస్తుంది.

పాయింట్లతో సర్దుబాటు జరిగింది కాబట్టి ధర రెండు వైపులా దాదాపు సమానం. ఆ -110 అదే. 110 పెడితే 100 లాభం. సమానమైన పందెం అయితే వందకు వంద రావాలి కదా, ఆ పైన ఉన్న పదే కోత. ఇద్దరు చెరో వైపు 110 పెట్టారనుకోండి. బుక్‌మేకర్ దగ్గరికి 220 వచ్చింది. గెలిచినవాడికి 210 ఇచ్చి పది ఉంచుకుంటాడు. చూడటానికి చిన్నదే. కానీ ఇలా వంద పందేలు కాసి సరిగ్గా యాభై గెలిస్తే 5,000 వస్తుంది, 5,500 పోతుంది. నాణెం ఎగరేసినట్టు కాసేవాడు 500 నష్టపోతాడు. మునగకుండా ఉండాలంటే 52.4 శాతం గెలవాలి. ఆ రెండున్నర శాతం తేడానే దాటలేక అత్యధికులు మునిగేది. ఏడాది పొడవునా అదే పనిగా ఆటలు చూసేవాళ్లకే అది కష్టం, మొదటి ఆట చూస్తున్నవాళ్ల మాట చెప్పనక్కర్లేదు.

స్ప్రెడ్ గురించి అన్నిటికంటే ఎక్కువ వినిపించే తప్పు మాట, "వేగాస్ వాళ్లు వైకింగ్స్ ఐదున్నర పాయింట్లతో గెలుస్తారని చెప్పారు" అనేది. స్ప్రెడ్ జోస్యం కాదు, ధర. ఆ అంకె దగ్గర ఇరువైపులా కాసేవాళ్లు దొరుకుతారనీ, ఏ వైపు వాళ్లకూ సులువైన లాభం ఉండదనీ దాని అర్థం. డబ్బు ఒకవైపు ఎక్కువగా వచ్చినా, ముఖ్యమైన ఆటగాడికి గాయమైనట్టు వార్త వచ్చినా అంకె కదులుతుంది. క్వార్టర్‌బ్యాక్ మారితే ఒక్క పూటలో చాలా పాయింట్లు జరుగుతుంది. అందువల్ల స్ప్రెడ్ ఎంత అని అడిగితే ఎప్పటి స్ప్రెడ్ అని తిరిగి అడగాలి. పందెం కాసిన నిమిషంలో తెర మీద ఉన్న అంకే చెల్లుతుంది. ఆ తర్వాత ఎంత జరిగినా పాత పందెం మారదు.

అంకె ఇలా కదలడం వల్ల బుక్‌మేకర్లే చేతులు కాల్చుకున్న ప్రసిద్ధ ఉదంతం 1979 జనవరి 21 నాటి సూపర్ బౌల్, అంటే సీజన్ ఫైనల్. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ మీద స్ప్రెడ్ 3.5తో మొదలైంది. అందరూ స్టీలర్స్ మీద కాయడంతో 4.5 దాకా పెంచారు. పెంచగానే డాలస్ కౌబాయ్స్ వైపు డబ్బు వచ్చింది. చివరికి స్టీలర్స్ 35, కౌబాయ్స్ 31. తేడా నాలుగు. ముందు స్టీలర్స్ -3.5 కాసినవాళ్లూ గెలిచారు, తర్వాత కౌబాయ్స్ +4.5 కాసినవాళ్లూ గెలిచారు, మధ్యలో 4 దగ్గర కాసినవాళ్లకు డబ్బు వెనక్కి. లాస్ వేగాస్ బుక్‌మేకర్లు ఆ రోజును నల్ల ఆదివారం అని ఇప్పటికీ తలుచుకుంటారు. ఒక్క పాయింటు జరపడం ఎంత పెద్ద విషయమో దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే అన్ని పాయింట్లూ సమానం కాదు. చాలా పరిచయ వ్యాసాలు దాటేసే సంగతి ఇదే. స్కోరు మూడేసి, ఏడేసి చొప్పున పెరుగుతుందని అనుకున్నాం కదా. అందువల్ల ఆటల తేడాలు కూడా కొన్ని అంకెల దగ్గర గుంపుగా పడతాయి. ఈ జట్లన్నీ ఆడే లీగ్ ఎన్.ఎఫ్.ఎల్. ఆటల్లో సుమారు ఏడింట ఒకటి సరిగ్గా మూడు పాయింట్ల తేడాతో ముగుస్తుంది. సమంగా ఉన్న ఆటలో చివరి నిమిషంలో జట్లు టచ్‌డౌన్ కోసం తెగించకుండా ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకోవడమే కారణం. దాని తర్వాతి స్థానం ఏడుది. 2015లో అదనపు పాయింటు కిక్‌ను వెనక్కి జరిపి 33 గజాల కిక్ చేశారు. అప్పటినుంచి అవి కాస్త ఎక్కువగా తప్పుతున్నాయి, రెండు పాయింట్ల ప్రయత్నాలూ పెరిగాయి, అందుకని ఏడు పట్టు కొంచెం సడలింది. మూడు మాత్రం అలాగే ఉంది.

అంటే 2.5 నుంచి 3.5కి జరగడం, 4.5 నుంచి 5.5కి జరగడం ఒకటి కాదు. మొదటిది మూడును దాటుతుంది, రెండోది అరుదుగా వచ్చే ఐదును. బుక్‌మేకర్లకు ఇది బాగా తెలుసు. స్ప్రెడ్ 3 దగ్గర ఉన్నప్పుడు ఫేవరెట్ మీద డబ్బు ఎక్కువ వస్తుంటే 3.5కి ఎత్తడానికి వెనకాడతారు. 3 అలాగే ఉంచి ధరను -110 నుంచి -120 చేస్తారు. తెర మీద `-3 -120` కనిపిస్తే దాని భావం అదే: పాయింటు కదపలేక ధర కదిపారు. మినియాపొలిస్‌లో మాత్రం ఎప్పుడో గానీ రాని ఐదే వచ్చి కూర్చుంది.

టోటల్ మూడింటిలోనూ అర్థం చేసుకోవడానికి అతి సులువు, ఊహించడానికి అతి కష్టం. రెండు జట్ల స్కోరూ కలిపితే అంకెకు పైనా, కిందా అన్నదే ప్రశ్న. ఎవరు చేశారన్నది పట్టదు. ఎన్.ఎఫ్.ఎల్.లో మామూలుగా టోటల్ నలభైకీ యాభైకీ మధ్య ఉంటుంది. దాన్ని కదిలించేవి ముఖ్యంగా రెండు. ఒకటి గడియారం. విసిరిన బంతి ఎవరూ పట్టకుండా నేల మీద పడితే గడియారం ఆగుతుంది, పరుగెత్తినవాడిని మైదానం లోపలే పడగొడితే తిరుగుతూ ఉంటుంది. ఎక్కువ పరుగు ఆడే జట్లయితే బంతి చేతికందే విడతలు తగ్గుతాయి, పాయింట్లూ తగ్గుతాయి. రెండోది గాలి. మంచు కురుస్తుంటే చూడటానికి భయంకరంగా ఉంటుంది గానీ స్కోరును ఎక్కువగా దెబ్బతీసేది బలమైన గాలి. దూరపు పాస్‌నూ, కిక్‌నూ రెండింటినీ పాడుచేస్తుంది. ఆరోజు మినియాపొలిస్‌లో జనవరి చలి ఉన్నా, ఆ స్టేడియానికి పైకప్పు ఉంది కాబట్టి ఆ బెడద లేదు.

ఇప్పుడు ఆ ఆటను మొదటినుంచీ మూడు లెక్కలతోనూ నడిపి చూద్దాం. సగం ఆట అయ్యేసరికి వైకింగ్స్ 17-0. మనీలైన్ వాళ్లు నిశ్చింతగా ఉన్నారు, -5.5 వాళ్లకు పదకొండున్నర పాయింట్లు చేతిలో మిగులు. టోటల్ 17 మాత్రమే, ఇదే నడకతో వెళ్తే 34 దగ్గర ఆగాలి. అండర్ కాసినవాళ్లు గెలిచినట్టే ఉన్నారు. మూడో క్వార్టర్ చివర్లో సెయింట్స్ టచ్‌డౌన్, 17-7. అయినా పెద్దగా ఏమీ మారలేదు.

నాలుగో క్వార్టర్‌లో అన్నీ తలకిందులయ్యాయి. సెయింట్స్ మళ్లీ టచ్‌డౌన్ చేసి 17-14. తేడా మూడుకు పడిపోయింది, వైకింగ్స్ ముందున్నారు గానీ స్ప్రెడ్ దాటడం లేదు. వైకింగ్స్ ఫీల్డ్ గోల్‌తో 20-14. తేడా ఆరు, మళ్లీ దాటారు, అర పాయింటు మిగులుతో. మూడు నిమిషాలు మిగలగా సెయింట్స్ 21-20. ఇప్పుడు మనీలైన్ కూడా తిరగబడింది. టోటల్ 41. నిమిషంన్నర ఉండగా వైకింగ్స్ 53 గజాల నుంచి ఫీల్డ్ గోల్, 23-21. ఈ దశలో -5.5 కాసినవాళ్లకు ఆశ లేనట్టే. 25 సెకన్లు ఉండగా సెయింట్స్ ఫీల్డ్ గోల్ కొట్టి 24-23 చేశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి టోటల్ చూడండి. 24, 23 కలిపితే సరిగ్గా 47. ఆట అక్కడే ఆగి ఉంటే 46.5కి ఓవర్ కాసినవాడు గెలిచేవాడు, 47కి కాసినవాడికి డబ్బు వెనక్కి వచ్చేది, 47.5కి కాసినవాడు ఓడిపోయేవాడు. ముగ్గురూ ఒకే ఆట మీద, ఒకే వైపు కాసినవాళ్లే. అర పాయింటు ఏం చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ కల్పించినా దొరకదు. తర్వాత డిగ్స్ టచ్‌డౌన్‌తో టోటల్ 53 అయింది. సగం ఆటలో 17 ఉన్న అంకెకు ఒక్క చివరి క్వార్టర్‌లోనే 29 కలిశాయి. సగం దగ్గర స్కోరును రెట్టింపు చేసి అంచనా వేసుకోవడం ఎందుకు పనికిరాదో కూడా ఇదే చెబుతుంది. వెనకబడ్డ జట్టు గడియారాన్ని ఆపుతూ పాస్‌లే విసురుతుంది కాబట్టి చివర్లో నడక మారిపోతుంది.

అదనపు సమయం గురించి కూడా ఒక మాట. పూర్తి ఆట మీద కాసిన మూడు పందేలలోనూ ఆ పాయింట్లు లెక్కలోకి వస్తాయి. 2024 ఫిబ్రవరి 11 సూపర్ బౌల్‌లో మామూలు సమయం ముగిసేసరికి కాన్సాస్ సిటీ చీఫ్స్, శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ 19-19. టోటల్ 38. పందెం అంకె 47, 47.5 దగ్గర ఉంది. అండర్ వాళ్లు పండగ చేసుకుంటూ ఉండాలి. అదనపు సమయంలో శాన్ ఫ్రాన్సిస్కో ఫీల్డ్ గోల్, ఆపై చీఫ్స్ టచ్‌డౌన్. అక్కడితో ఆట ముగిసింది కాబట్టి అదనపు పాయింటు కిక్ లేదు. 25-22. టోటల్ 47. మళ్లీ అదే అంకె, మళ్లీ అదే అర పాయింటు పేచీ.

ఇప్పుడు మొదటి వాదన దగ్గరికి రావాలి. క్రికెట్ అలవాటున్న మనకు ఒక చిక్కుంది. ఛేజింగ్‌లో లక్ష్యం దాటగానే ఆట ఆగిపోతుంది, ఇంకా ఎన్ని పరుగులు చేసేవాళ్లో అన్న ప్రశ్నే ఉండదు. ఫుట్‌బాల్‌లో గెలుపు ఖాయమయ్యాక కూడా గడియారం నడుస్తుంది, స్కోరు మారే అవకాశం ఉంటుంది. ఆ మిగిలిన సమయంలో జట్టు ఏం చేస్తుందో తెలియాలంటే, అది స్ప్రెడ్ కోసం ఆడటం లేదని గుర్తుంచుకోవాలి. 17 పాయింట్లు వెనకబడ్డ జట్టు చివరి నిమిషంలో టచ్‌డౌన్ చేస్తే ముందున్న జట్టు పెద్దగా పట్టించుకోదు. గడియారం కరగడమే దానికి కావాలి, దూరపు పాస్‌లు పడకుండా చూసుకుంటూ చిన్నవి వదిలేస్తుంది. తేడా పదికి తగ్గుతుంది. 13.5 ఇచ్చిన ఫేవరెట్ మీద కాసినవాళ్లు మునుగుతారు. దొడ్డిదారి కవర్ అని దీనికి పేరు. కుట్ర అని అరిచేవాళ్లు ప్రతి వారం ఉంటారు. కుట్రేమీ లేదు, మైదానంలో వాళ్లకు ఆ అంకె అవసరం లేదంతే.

దీనికి అద్దం లాంటిది 2018 అక్టోబర్ 28 ఆట. లాస్ ఏంజెలెస్ రామ్స్ 29-27తో ప్యాకర్స్ కంటే ముందున్నారు, నిమిషం చిల్లర మిగిలింది. రామ్స్ పరుగు వీరుడు టాడ్ గర్లీ బంతితో దూసుకెళ్లాడు, ఎదురుగా ఎండ్ జోన్ ఖాళీగా ఉంది. అతను లోపలికి వెళ్లకుండా నాలుగు గజాల ముందే ఆగిపోయాడు. టచ్‌డౌన్ చేస్తే బంతి ప్యాకర్స్ చేతికి వెళ్తుంది, వాళ్లకు చిన్న అవకాశమైనా ఉంటుంది. ఆగితే గడియారం అయిపోతుంది, ఆట అయిపోతుంది. రామ్స్ ఆరోజు ఒక టచ్‌డౌన్ కంటే ఎక్కువ తేడాకు ఫేవరెట్. అతను లోపలికి అడుగుపెట్టి ఉంటే, కిక్ కూడా కలిస్తే తేడా తొమ్మిది. పందెం కాసినవాళ్ల తిట్లు తిన్నాడు గానీ అది తెలివైన ఆట. ఆరోజు మైదానం మీద మనీలైన్‌కే విలువని అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

మినియాపొలిస్ ఆట తర్వాత కొద్ది నెలలకే, 2018 సీజన్‌కు ముందు, ఎన్.ఎఫ్.ఎల్. ఆ నిబంధనే ఎత్తేసింది. సమయం అయిపోతుండగా చేసిన టచ్‌డౌన్‌తోనే ఫలితం తేలిపోతే ఇక అదనపు పాయింటు ప్రయత్నం ఉండదు. ఇప్పుడు అదే ఆట జరిగితే కీనమ్ మోకాలు కూడా వేయనక్కర్లేదు. -5.5 వాళ్లు ఆశపడటానికి ఆ ముప్పై సెకన్లు కూడా మిగలవు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి, మనవాళ్లు రెండు వైపులా ఉన్నారు కాబట్టి. అమెరికాలో 2018 మే 14న సుప్రీంకోర్టు తీర్పుతో క్రీడా పందేలను అనుమతించాలా వద్దా అన్నది రాష్ట్రాల చేతికి వచ్చింది. న్యూజెర్సీలో 21 ఏళ్లు నిండినవాళ్లకు అనుమతి ఉంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్, కాలిఫోర్నియాలలో 2025 నాటికి క్రీడా పందేలు నడిపే స్పోర్ట్స్‌బుక్‌లకు అనుమతి లేదు. టెక్సస్‌లోని డాలస్‌లో ఉన్న తమ్ముడికి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న అన్న యాప్ లింకు పంపినా అక్కడ పందెం పడదు. ఫోను ఎక్కడుందో యాప్ చూసుకుంటుంది. ఇక్కడ తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధిస్తూ తమ గేమింగ్ చట్టాలు సవరించుకున్నాయి. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. హైదరాబాద్‌లో తెల్లవారుజామున సూపర్ బౌల్ చూస్తూ ఈ మూడు అంకెలూ చదువుకోవచ్చు, వాటి మీద డబ్బు పెట్టే సైటు మాత్రం ఏదైనా చట్టానికి బయటిదే.

చూడటానికే అయితే ఒక కాగితం చాలు. ఆట మొదలయ్యే ముందు తెర మీది మూడు అంకెలూ రాసుకోండి. ప్రతి స్కోరుకూ రెండు లెక్కలు వేయండి: తేడా ఎంత, మొత్తం ఎంత. ఫేవరెట్ ముందుండి కూడా స్ప్రెడ్ దాటని సమయం ఎప్పుడు వస్తుందో గమనించండి, ఆటలో బిగువంతా అక్కడే ఉంటుంది. చివరి రెండు నిమిషాల్లో స్కోరు కంటే ముందు వెనకబడ్డ జట్టుకు గడియారాన్ని ఆపే టైమౌట్లు ఎన్ని మిగిలాయో చూడండి. ఒక్కటీ లేకపోతే, బంతి చేతిలో ఉన్న జట్టు మూడుసార్లు మోకాలు వేస్తే చాలు. ఒక్కోసారికి నలభై సెకన్లు కరిగి గడియారం ఖాళీ అవుతుంది. కాబట్టి నాలుగు పాయింట్లతో ముందున్న జట్టు 1:58 దగ్గర మొదటి మోకాలు వేసిందంటే, 5.5 ఇచ్చిన పందెం అప్పుడే ఓడిపోయినట్టు. టోటల్ కూడా అక్కడే ఆగినట్టు.